కిడ్నీ జబ్బు తొలిదశలో ప్రొటీన్ ఎంత? పప్పు మానేస్తే లెక్క తేలదు

వైశాలి నగర్ (భిలాయి): ఉక్కు కర్మాగారం కొలువుల కోసం వచ్చి భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాల వంటింట్లో రెండు ప్రాంతాల తిండి కలిసిపోయింది. ఉదయం ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, పప్పు, పెరుగు, రాత్రికి గోధుమ రొట్టెలు, అప్పుడప్పుడు ఛత్తీస్‌గఢీ బియ్యప్పిండి చీలా. ఇలాంటి ఇంట్లో ఒకరికి మూత్రపిండాల జబ్బు తొలిదశలో ఉందని తేలి, ప్రొటీన్ తగ్గించమని వైద్యులు చెబితే, సాధారణంగా ముందుగా ఆగిపోయేది పప్పు. తరువాత గుడ్డు. అన్నం, రొట్టె మాత్రం యథాతథంగా కొనసాగుతాయి. ఒక రోజు భోజనాన్ని గ్రాముల్లో లెక్కిస్తే ఈ పద్ధతిలోని లోపం బయటపడుతుంది.

పరిమితి అంటే ఎంత?

మూత్రపిండాలు నిమిషానికి ఎంత రక్తద్రవాన్ని వడపోస్తున్నాయో తెలిపే అంచనాను ఈజీఎఫ్ఆర్ అంటారు. అది 90, అంతకు మించి ఉంటే మొదటి దశ, 60 నుంచి 89 వరకు రెండో దశ, 30 నుంచి 59 వరకు మూడో దశ. మొదటి రెండు దశలను జబ్బుగా పరిగణించాలంటే మూత్రంలో అల్బుమిన్ పోవడం వంటి మరో ఆధారం ఉండాలి. ఏ దశకైనా మార్పు కనీసం మూడు నెలల పాటు నిలిచి ఉండాలి.

మూత్రపిండాల చికిత్సకు అంతర్జాతీయ మార్గదర్శకాలు రూపొందించే కేడిగో సంస్థ 2024లో ఇచ్చిన సూచన ప్రకారం, మూడో దశ నుంచి ఐదో దశ వరకు ఉన్న పెద్దలు రోజుకు కిలో శరీర బరువుకు 0.8 గ్రాముల ప్రొటీన్ తీసుకోవాలి. జబ్బు ముదిరే ప్రమాదం ఉన్నవారు 1.3 గ్రాములు దాటకూడదు. మొదటి రెండు దశల్లో సాధారణంగా ప్రత్యేకమైన కోత అవసరం ఉండదు, అతిగా తినకుంటే చాలు.

ఈ 0.8 చాలా తక్కువ అనిపించవచ్చు. కానీ భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఆరోగ్యవంతులైన పెద్దలకు సిఫారసు చేసిన మోతాదు కిలోకు 0.83 గ్రాములే. అంటే తొలిదశ రోగికి చెబుతున్నది పస్తు కాదు. ఆరోగ్యవంతుడికి సరిపోయే మోతాదు వద్ద ఆగమని మాత్రమే.

ఆగడం ఎందుకంటే, ప్రొటీన్ జీర్ణమయ్యాక మిగిలే నత్రజని యూరియాగా మారి మూత్రంలో బయటకు పోవాలి. ప్రొటీన్ ఎక్కువైనప్పుడు వడపోత గుచ్ఛాల్లో రక్తపు ఒత్తిడి పెరుగుతుంది. కొన్ని గుచ్ఛాలు ఇప్పటికే పాడైన మూత్రపిండంలో ఆ భారం మిగిలినవాటిపై పడుతుంది.

ఒక రోజు లెక్క

ఉదాహరణకు 60 కిలోల బరువు, ఈజీఎఫ్ఆర్ 52 ఉన్న విశ్రాంత ఉద్యోగిని తీసుకుందాం. ఆయన పరిమితి 60ని 0.8తో గుణిస్తే వచ్చే 48 గ్రాములు. ఇవి ప్రొటీన్ గ్రాములు, ఆహారపు గ్రాములు కావు. 48 గ్రాముల పప్పు అని అర్థం చేసుకుంటే మొదటి అడుగులోనే లెక్క తప్పుతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికల ఆధారంగా, గుర్తుంచుకోవడానికి వీలుగా సవరించిన అంకెలు ఇవి. వంద గ్రాముల పచ్చి బియ్యంలో 8 గ్రాములు, గోధుమపిండిలో పదిన్నర, కందిపప్పులో 22, మినపపప్పులో 23, వేరుశనగ పప్పులో ఇరవై మూడున్నర గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. వంద గ్రాముల పాలల్లో, పెరుగులో 3.2 గ్రాముల చొప్పున ఉంటుంది. ఒక గుడ్డులో సుమారు ఆరున్నర. సాధారణ కూరగాయలు వంద గ్రాములకు రెండు గ్రాములుగా వేసుకోవచ్చు.

ఇక ఆయన భోజనం. రోజు మొత్తంలో రెండు టీలకు పట్టే పాలు వంద మిల్లీలీటర్లు, అందులో 3.2 గ్రాములు. ఉదయం నాలుగు ఇడ్లీలకు 60 గ్రాముల ఇడ్లీ రవ్వ, 30 గ్రాముల మినపపప్పు పడితే 11.7 గ్రాములు. పిండి పులిసినంత మాత్రాన ఈ అంకె చెప్పుకోదగినంతగా మారదు. పల్లీ చట్నీలో 15 గ్రాముల పల్లీలకు 3.5. ఇంతవరకు 18.4 గ్రాములు.

మధ్యాహ్నం 120 గ్రాముల బియ్యం అన్నానికి 9.6, ముప్పై గ్రాముల కందిపప్పుకు 6.6, నూటయాభై గ్రాముల కూరకు 3, నూటయాభై గ్రాముల పెరుగుకు 4.8. మొత్తం 24 గ్రాములు. సాయంత్రం టీతో నమిలే 30 గ్రాముల పుట్నాలకు 6.6. రాత్రి 120 గ్రాముల పిండితో చేసిన నాలుగు రొట్టెలకు 12.6, వంద గ్రాముల కూరకు 2, ఒక గుడ్డుకు 6.5, కలిపి 21.1.

రోజు మొత్తం 70 గ్రాములు. పరిమితి కన్నా 22 ఎక్కువ.

ఈ 70లో ఇడ్లీ రవ్వ, అన్నం, రొట్టెల వాటాయే 27 గ్రాములు. అంటే అనుమతించిన 48లో సగానికి పైగా ధాన్యాలే తీసుకుంటున్నాయి. ఆయన పప్పు, గుడ్డు రెండూ పూర్తిగా మానేసినా తగ్గేది 13 గ్రాములే. మొత్తం 57 వద్ద, పరిమితికి పైనే ఉంటుంది. పోయినవి మాత్రం నాణ్యత గల ప్రొటీన్లు. గుడ్డులోని ప్రొటీన్‌ను శరీరం బాగా వినియోగించుకుంటుంది. పప్పు లేని అన్నంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం కొరవడుతుంది, ఆ లోటును పూడ్చేది పప్పే.

ఎక్కడ తగ్గించాలి?

ఒక్క పదార్థాన్ని నిషేధించే బదులు అన్నింటిలో కొంత తగ్గిస్తే లెక్క కుదురుతుంది. పుట్నాలు మానితే 6.6, పల్లీ చట్నీకి బదులు టమాటా చట్నీ వేసుకుంటే 3, ఒక ఇడ్లీ తగ్గితే 2.9, ఒక రొట్టె తగ్గితే 3.1 గ్రాములు పోతాయి. బియ్యం 20 గ్రాములు తగ్గిస్తే 1.6, పప్పు పది గ్రాములు తగ్గిస్తే 2.2, పెరుగు 50 గ్రాములు తగ్గిస్తే 1.6. మొత్తం 21 గ్రాములు తగ్గి, రోజు లెక్క 49 వద్దకు వస్తుంది. గుడ్డు ఉంది, పప్పూ ఉంది. ఒక గ్రాము అటూ ఇటూ కావడం ఏ రోజైనా సహజమే.

ఇక్కడ ఆగితే మరో చిక్కు వస్తుంది. ఈ మార్పులతో దాదాపు 500 కేలరీలు కూడా తగ్గుతాయి. శరీరానికి తగినంత శక్తి అందకపోతే అది తిన్న ప్రొటీన్‌ను, సొంత కండరాలను కాల్చుకుంటుంది. అందుకే కిలోకు 25 నుంచి 35 కేలరీలు, అంటే ఈయనకు 1500 నుంచి 2100 వరకు అందాలి. సగ్గుబియ్యంలో ప్రొటీన్ దాదాపు శూన్యం. పుట్నాల స్థానంలో 50 గ్రాముల సగ్గుబియ్యంతో ఉప్మా చేసుకుంటే సుమారు 175 కేలరీలు, వంటలో రెండు చెంచాల నూనె అదనంగా వేస్తే మరో 90 తిరిగి వస్తాయి. అప్పుడు రోజు మొత్తం 1700 దాటుతుంది. మధుమేహం ఉన్నవారికి సగ్గుబియ్యం చక్కెరను త్వరగా పెంచుతుంది గనుక, ఈ మార్పును వైద్యులను అడిగే చేయాలి.

లెక్క తప్పే చోట్లు

పట్టికల్లోని అంకెలు పచ్చి సరుకువి. వంద గ్రాముల బియ్యం ఉడికి మూడు వందల గ్రాముల దగ్గరకు చేరినా అందులోని ప్రొటీన్ ఎనిమిది గ్రాములే. వండిన అన్నాన్ని తూచి వందకు ఎనిమిది అని లెక్కేస్తే అంకె మూడింతలవుతుంది. ఇంటిల్లిపాదికీ కలిపి వండేచోట సరుకును వండకముందే కాటాపై తూచి, వండిన గిన్నెలో రోగి వాటా ఎంతో చూడడం తేలిక. నలుగురికి 120 గ్రాముల కందిపప్పు వేసి, ఆయన అందులో నాలుగో వంతు తింటే ఆయన లెక్కలో పడేది 30 గ్రాములు. ఇలా ఒక వారం తూచితే ఇంట్లో గరిటె కొలత తెలిసిపోతుంది.

రెండోది శరీర బరువు. స్థూలకాయం ఉన్నా, కాళ్లలో నీరు చేరినా, కాటా చూపే బరువుతో గుణిస్తే పరిమితి అసలు కన్నా పెద్దదిగా కనిపిస్తుంది. ఏ బరువును ఆధారంగా తీసుకోవాలో వైద్యుడో పోషకాహార నిపుణుడో నిర్ణయించాలి.

లెక్క సరైనదేనా అని తెలుసుకోవడానికి 24 గంటల మూత్ర పరీక్ష ఉంది. ఆ మూత్రంలోని యూరియా నత్రజని గ్రాములకు, శరీర బరువును 0.031తో గుణించగా వచ్చిన అంకెను కలిపి, మొత్తాన్ని 6.25తో గుణిస్తే రోజుకు తిన్న ప్రొటీన్ అంచనాగా వస్తుంది. పై ఉదాహరణలో యూరియా నత్రజని 6.5 గ్రాములు ఉంటే, దానికి 1.86 కలిపి 6.25తో గుణించినప్పుడు 52 గ్రాములు వస్తాయి. పుస్తకంలో రాసుకున్న 49కి ఇది దగ్గరే. అదే 70 వస్తే ఎక్కడో ఒక పూట లెక్కలోకి రాలేదని అర్థం. ల్యాబ్ నివేదికలో యూరియా నత్రజనికి బదులు యూరియా ఇస్తే దాన్ని 2.14తో భాగించాలి. ఒక్కసారి మూత్రం పట్టడం మరచినా ఫలితం తక్కువగా వస్తుంది. బరువు స్థిరంగా ఉన్నవారికే ఈ సూత్రం వర్తిస్తుంది.

మితిమీరి తగ్గించిన సంకేతాలు

మూడు నెలల్లో అనుకోకుండా బరువు ఐదు శాతం, అంటే ఈయనకు మూడు కిలోలు తగ్గితే అది హెచ్చరిక. క్రియాటినిన్ తగ్గింది గనుక జబ్బు నయమవుతోందని సంతోషించే ముందు కూడా బరువు చూసుకోవాలి. క్రియాటినిన్ పుట్టేది కండరాల్లోనే. కండ కరిగినా అది తగ్గుతుంది, ఈజీఎఫ్ఆర్ మెరుగైనట్లు కనిపిస్తుంది. అనుమానం ఉన్నప్పుడు కండరాలపై అంతగా ఆధారపడని సిస్టాటిన్ సి పరీక్షను వైద్యులు సూచిస్తారు.

పిల్లలకు, గర్భిణులకు, జ్వరంతోనో శస్త్రచికిత్సతోనో నీరసించిన వారికి, బక్కచిక్కిన వృద్ధులకు ఈ కోత వర్తించదు. డయాలిసిస్ మొదలైన వారికి ప్రొటీన్ పెంచాలి, వారికి కిలోకు 1.0 నుంచి 1.2 గ్రాములు కావాలి.

ప్రొటీన్ తగ్గింపు ఫలితానికీ హద్దులున్నాయి. అమెరికాలో 840 మంది రోగులపై జరిగి 1994లో వెలువడిన ఎండీఆర్‌డీ అధ్యయనంలో, మధ్యస్థ స్థాయి జబ్బు ఉన్నవారిలో ప్రొటీన్ బాగా తగ్గించిన వర్గానికీ మామూలుగా తిన్న వర్గానికీ మూడేళ్లలో వడపోత క్షీణతలో గణనీయమైన తేడా కనిపించలేదు. రక్తపోటు, మధుమేహం మందుల స్థానాన్ని గ్రాముల లెక్క భర్తీ చేయలేదు. మందులు వాడుతూనే పరిమితిని పాటించాలి. అన్నం, రొట్టె వాటాను ముందుగా లెక్కలో వేశాకే పప్పు గిన్నె సంగతి చూడాలి.