ఆ ‘వారు’ ఎవరు? ఆ ‘లోపు’ ఎప్పటికి?

ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుకున్నవాళ్లు సంక్రాంతి ముందు ఆదివారం కలుసుకోవాలని తలపెట్టారనుకుందాం. వాట్సాప్ గ్రూపులో రెండు వందల మంది ఉన్నారు. సగం మంది ఊళ్లోనూ చుట్టుపక్కలా ఉంటారు, కొందరు హైదరాబాద్‌లో, ఇంకొందరు డల్లాస్‌లో, న్యూజెర్సీలో. 2025 డిసెంబర్ 10, బుధవారం సాయంత్రం కమిటీ సభ్యుడొకరు గ్రూపులో పెట్టడానికి ఇలా రాసుకున్నారు:

“మిత్రులారా! నిన్న మన కమిటీ వాళ్లు హెడ్మాస్టరు గారిని కలిశారు. జనవరి 11న స్కూల్లో కలుసుకోవడానికి వారు అనుమతి ఇచ్చారు. భోజనాలు కూడా వారే చూసుకుంటామన్నారు. దానికి అడ్వాన్సు ఇవ్వాలి కాబట్టి అందరూ వచ్చే శుక్రవారం లోపు డబ్బు పంపండి. కుటుంబంతో వచ్చేవాళ్లు ముందుగా చెప్పండి. వివరాలకు మమ్మల్ని సంప్రదించండి.”

చదివితే ఎక్కడా తప్పు కనిపించదు. వాక్యాలు శుభ్రంగా ఉన్నాయి, మర్యాదగా ఉన్నాయి. రాసినవారు నాలుగుసార్లు చదువుకున్నా మార్చాల్సింది ఏమీ తోచదు. అందుకు కారణం అజాగ్రత్త కాదు. తనకు తెలిసిన విషయం తెలియనివాళ్లకు ఎలా వినిపిస్తుందో ఊహించుకోవడం మనిషికి చాలా కష్టం.

1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు దీన్ని ఒక ప్రయోగంతో చూపించింది. ఒకరు అందరికీ తెలిసిన పాటను మనసులో అనుకుని, దాని లయను బల్ల మీద వేళ్లతో కొట్టాలి. ఎదుట కూర్చున్నవారు అది ఏ పాటో చెప్పాలి. సగం పాటలైనా గుర్తుపడతారని కొట్టినవాళ్లు అంచనా వేశారు. కొట్టినవి 120 పాటలు, గుర్తుపట్టినవి మూడే. కొట్టేవాళ్ల చెవుల్లో రాగం, మాటలు అన్నీ మోగుతున్నాయి. వినేవాళ్లకు చేరింది టకటక శబ్దం మాత్రమే. ప్రకటన రాసినవారికీ ఇదే జరుగుతుంది. కమిటీ సమావేశం మొత్తం తన తలలో ఉంటుంది కనుక వాక్యంలోని ఖాళీలు చదివేటప్పుడు వాటంతటవే నిండిపోతాయి. కాబట్టి ‘బాగానే ఉంది’ అన్న భావన మీద ఆధారపడకుండా, అర్థాన్ని కాసేపు పక్కన పెట్టి ఒక్కొక్క రకం మాటనే వెతుక్కుంటూ పోవాలి.

మొదట సర్వనామాలు. ముసాయిదాను కాగితం మీదకు తీసుకుని వారు, వాళ్లు, అది, దాని, అక్కడ, మేము, మమ్మల్ని లాంటి ప్రతి మాట చుట్టూ సున్నా చుట్టాలి. ఒక్కో సున్నా నుంచి అది ఎవరిని, దేన్ని సూచిస్తోందో ఆ పేరుకు గీత గీయాలి. గీత రెండు చోట్లకు పోగలిగినా, ఎక్కడికీ పోలేకపోయినా అక్కడ పేరే రాయాలి.

పై ముసాయిదాలో మొదటి ‘వారు’ ఇబ్బంది పెట్టదు. స్కూలు వాడుకోవడానికి అనుమతి ఇచ్చేది హెడ్మాస్టరే అని అందరికీ తెలుసు. రెండో ‘వారు’ అలాంటిది కాదు. భోజనాలు చూసుకుంటామన్నది హెడ్మాస్టరు గారా, కమిటీ వాళ్లా? స్కూల్లో వంటవాళ్లున్నారు కనుక హెడ్మాస్టరే ఏర్పాటు చేయిస్తారని ఒకరు అనుకోవచ్చు, కమిటీ క్యాటరింగ్ మాట్లాడిందని మరొకరు అనుకోవచ్చు. రెండూ వాక్యానికి చక్కగా అతుకుతాయి. తెలుగులో ఈ చిక్కు మరీ ఎక్కువ. గౌరవంగా చెప్పే ఒక్క మనిషికీ, పదిమందికీ మనం ‘వారు’ అనే అంటాం. క్రియ చివర కూడా అదే ‘-రు’ వస్తుంది, ఒక్కరో పదిమందో అది చెప్పదు.

కంప్యూటర్‌కు భాష నేర్పడానికి ప్రయత్నించిన టెర్రీ వినోగ్రాడ్ 1972లో ఒక ఉదాహరణ ఇచ్చారు. నగర పాలక సభ్యులు నిరసనకారులకు అనుమతి నిరాకరించారు. కారణం చెప్పే తర్వాతి వాక్యంలో ‘వారు హింసకు భయపడ్డారు’ అని ఉంటే భయపడింది సభ్యులని, ‘వారు విప్లవాన్ని సమర్థించారు’ అని ఉంటే సమర్థించింది నిరసనకారులని ఎవరైనా ఇట్టే గ్రహిస్తారు. వ్యాకరణం రెండింటిలోనూ ఒకటే. తేడా తేల్చేది లోకజ్ఞానం. అందుకే సర్వనామం ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో ముందే చెప్పవచ్చు. దాన్ని విప్పడానికి కావలసిన సంగతి గ్రూపులో అందరికీ తెలిసిందైతే ఫరవాలేదు. కమిటీకి మాత్రమే తెలిసిందైతే ఆ మాట అర్థం తేలదు. ‘దానికి అడ్వాన్సు’ కూడా ఇంతే. అది భోజనాలకని కమిటీకి తెలుసు, స్కూలు ఆవరణకు అద్దె కాబోలని మిగతావాళ్లు అనుకోవచ్చు. చివర ఉన్న ‘మమ్మల్ని’ పరిస్థితి ఇంకా అన్యాయం. గీత గీయడానికి ఆ ప్రకటనలో ఒక్క పేరు కూడా లేదు.

తర్వాత గడువు. నిన్న, రేపు, వచ్చే, ఈ వారం, త్వరలో, ముందుగా, వెంటనే, లోపు, వరకు: ఈ మాటలన్నీ రాసిన క్షణం నుంచి లెక్కకు వచ్చేవి, లేదా హద్దు ఎక్కడో తేల్చనివి. బుధవారం రాసిన ‘వచ్చే శుక్రవారం’ కొందరికి డిసెంబర్ 12, కొందరికి డిసెంబర్ 19. ఇంకొకరు ఆ సందేశాన్ని శనివారం వేరే గ్రూపుకు పంపిస్తే అక్కడ చదివినవాళ్లకు 12వ తేదీ అన్న ఆలోచనే రాదు. ఇక ‘శుక్రవారం లోపు’ అన్నప్పుడు శుక్రవారం పంపితే చెల్లుతుందా, గురువారంతో ముగిసిపోతుందా? ఈ హద్దును చట్టాలు రాసేవాళ్లు కూడా పట్టించుకోవాల్సి వచ్చింది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలోని తొమ్మిదో సెక్షన్ ఒక లెక్క పెట్టింది: కేంద్ర చట్టాల్లో ఫలానా రోజు ‘నుంచి’ అంటే ఆ మొదటి రోజును వదిలేయాలి, ఫలానా రోజు ‘వరకు’ అంటే ఆ చివరి రోజును కలుపుకోవాలి. ఆ లెక్క చట్టాలకు వర్తిస్తుంది, స్నేహితుల గ్రూపులో ఎవరూ దాన్ని పాటించరు. అక్కడ తేదీ, వారం, గంట మూడూ రాయడమే మార్గం: డిసెంబర్ 19, శుక్రవారం, రాత్రి 8 గంటలు.

తేదీ పక్కన వారం రాయడంలో ఇంకో ప్రయోజనం ఉంది. అంకె వేయడంలో పొరపాటు జరిగితే వారం పట్టిస్తుంది. ‘డిసెంబర్ 18, శుక్రవారం’ అని ఉంటే క్యాలెండర్ చూసిన మరుక్షణం తప్పు బయటపడుతుంది. అయితే ఆ క్యాలెండర్ చూడటం ప్రకటన వెళ్లకముందే జరగాలి. వెళ్లాక బయటపడితే కొందరు తేదీని నమ్ముతారు, కొందరు వారాన్ని నమ్ముతారు.

గడువుకు రాత్రి 12 గంటలు పెట్టకపోవడం మేలు. రైలు ప్రయాణికులకు ఈ బాధ బాగా తెలుసు. టికెట్ మీద 20వ తేదీ 00:15 అని ఉంటే 19వ తేదీ రాత్రే స్టేషన్‌కు వెళ్లాలి. 20వ తేదీ రాత్రి వెళ్లినవాళ్లకు ఆ బండి దొరకదు. ‘19వ తేదీ రాత్రి 12’ అన్నా ఇదే గందరగోళం. 19వ తేదీ మొదలయ్యే క్షణమా, ముగిసే క్షణమా? రాత్రి 8 అన్నా, 11:59 అన్నా ఆ సందేహం రాదు.

అమెరికాలో ఉన్నవాళ్ల కోసం మరొక్క మాట చేర్చాలి: ‘భారత కాలమానం ప్రకారం’. డిసెంబర్‌లో న్యూజెర్సీ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. ఇక్కడ శుక్రవారం రాత్రి 8 అంటే అక్కడ శుక్రవారం ఉదయం 9:30. అక్కడివారు తమ శుక్రవారం రాత్రి 8కి పంపితే ఇక్కడ శనివారం ఉదయం 6:30 అవుతుంది. అప్పటికే క్యాటరింగ్ వాళ్లకు తలల లెక్క చెప్పేసి ఉండవచ్చు.

మూడోది, రాయకుండా వదిలేసిన వివరాలు. ఇవి పట్టుకోవడమే అన్నిటికంటే కష్టం. రాసిన మాట చుట్టూ సున్నా చుట్టవచ్చు, రాయని మాటను ఏం చేయగలం? ప్రమాద హెచ్చరికల మీద ఏళ్ల తరబడి పనిచేసిన డెనిస్ మిలేటి, జాన్ సోరెన్సెన్ అనే అమెరికన్ పరిశోధకులు హెచ్చరికలో ఐదు సంగతులు ఉండాలని చెప్పారు: చెబుతున్నది ఎవరు, ప్రమాదం ఏమిటి, ఏ ప్రాంతానికి, ఎప్పటికల్లా, జనం ఏం చేయాలి. ‘ప్రమాదం’ అన్నచోట ‘కార్యక్రమం’ అని పెట్టుకుంటే పూర్వ విద్యార్థుల ప్రకటనకూ ఈ ఐదూ సరిపోతాయి. మన ముసాయిదాలో సంతకం లేదు, డబ్బు ఎంతో లేదు, ఎవరికి పంపాలో లేదు, కార్యక్రమం ఎన్ని గంటలకో లేదు.

ఈ ఐదు ప్రశ్నలకు కూడా అందని ఖాళీలుంటాయి. వాటి కోసం గ్రూపులోని భిన్నమైన మనుషుల్లా ముసాయిదాను మళ్లీ చదవాలి. రాలేనివాళ్లు ‘అందరూ డబ్బు పంపండి’ అన్నది చూసి తామూ పంపాలా అని తటపటాయిస్తారు. డల్లాస్‌లో ఉన్నవారికి మన యూపీఐ అందుబాటులో లేకపోవచ్చు. ఇద్దరు పిల్లల తల్లికి పిల్లలకూ కట్టాలో లేదో తెలియాలి. కట్టాక రాలేకపోతే డబ్బు తిరిగి వస్తుందా అని ఇంకొకరు అడుగుతారు. ఒక్కొక్కరికి కావలసింది ఒక్కో వాక్యమే.

సరిచేశాక ప్రకటన ఇలా ఉంటుంది:

“2026 జనవరి 11, ఆదివారం, ఉదయం 10 నుంచి సాయంత్రం 4 గంటల దాకా మన హైస్కూల్ ఆవరణలో కలుసుకుంటున్నాం. వచ్చేవాళ్లు మనిషికి 800 రూపాయల చొప్పున డిసెంబర్ 19, శుక్రవారం, రాత్రి 8 గంటలకల్లా (భారత కాలమానం ప్రకారం) కోశాధికారికి పంపండి. పదేళ్లు నిండని పిల్లలకు కట్టనక్కర్లేదు. రాలేనివాళ్లు ఏమీ పంపనక్కర్లేదు. యూపీఐ ఐడీ, తెర మీద కనిపించాల్సిన పేరు కింద ఉన్నాయి. పంపాక మీ పేరు, ఎంతమంది వస్తున్నారో కోశాధికారికి మెసేజ్ చేయండి. విదేశాల నుంచి వచ్చేవాళ్లు అదే గడువుకు మెసేజ్ చేస్తే చాలు, డబ్బు ఆ రోజు ఇవ్వవచ్చు. ఈ డబ్బు భోజనాలకు. కమిటీ క్యాటరింగ్ మాట్లాడింది. డిసెంబర్ 20న లెక్క ఇచ్చేస్తాం కనుక ఆ తర్వాత డబ్బు వెనక్కి ఇవ్వలేం. స్కూలు వాడుకోవడానికి హెడ్మాస్టరు గారు అనుమతి ఇచ్చారు.”

దీని కింద కోశాధికారి పేరు, నంబరు, యూపీఐ వివరాలు, ప్రకటన రాసిన తేదీ ఉంటాయి. ముసాయిదాలో మొదట ఉన్న హెడ్మాస్టరు కబురు చివరికి వెళ్లింది, చేయాల్సిన పని పైకి వచ్చింది. ఎందుకంటే ఫోన్‌లో పొడవైన సందేశంలో మొదటి కొన్ని పంక్తులే కనిపిస్తాయి, మిగతాది ‘ఇంకా చదవండి’ నొక్కితేనే తెరుచుకుంటుంది. ‘పదేళ్ల లోపు పిల్లలు’ అనకుండా ‘పదేళ్లు నిండని’ అనడానికీ కారణం ఉంది. సరిగ్గా పదేళ్ల పిల్లవాడి విషయంలో పాత ‘లోపు’ తగాదా మళ్లీ వస్తుంది.

పంపే ముందు కమిటీలో లేని ఒక్కరికి చూపించాలి. ‘అర్థమైందా?’ అని అడిగితే మొహమాటానికైనా అవునంటారు. ‘మీరూ, మీ ఆవిడా, ఎనిమిదేళ్ల పాపా వస్తే ఎంత పంపాలి, ఎవరికి, ఎప్పటికల్లా?’ అని అడగాలి. 1,600 రూపాయలు, కోశాధికారికి, 19వ తేదీ రాత్రి 8 గంటలకు అని తడుముకోకుండా చెబితే ప్రకటన సిద్ధమైనట్టే. జవాబు తప్పితే ఆ మనిషికి వివరించి ఊరుకోకూడదు, వాక్యాన్నే మార్చాలి. గ్రూపులోని మిగతావాళ్ల పక్కన కూర్చుని వివరించేవాళ్లు ఎవరూ ఉండరు. సర్వేల ప్రశ్నలు తయారుచేసేవాళ్లు కూడా ముందుగా కొద్దిమందికి ప్రశ్న చూపించి, వాళ్లకేం అర్థమైందో సొంత మాటల్లో చెప్పమంటారు.

ఇంత చేశాక కూడా తప్పు దొర్లితే, వాట్సాప్‌లో పంపిన సందేశాన్ని దిద్దడానికి 15 నిమిషాలే వీలుంటుంది. దిద్దినా, చెరిపేసినా ఆ గ్రూపులోనే మారుతుంది. అప్పటికే వేరే గ్రూపులకు వెళ్లిన నకళ్లు అలాగే ఉంటాయి. అందుకే సవరణను ‘పైదాంట్లో తేదీ మారింది’ అని ఒక్క ముక్కలో పెట్టకూడదు. ‘సవరించిన ప్రకటన, డిసెంబర్ 11, ఉదయం 9 గంటలు, ఇంతకుముందుది చెల్లదు’ అని మొదటి పంక్తిలో రాసి, ఏం మారిందో రెండో పంక్తిలో చెప్పి, ఆ కింద మొత్తం ప్రకటనను మళ్లీ పెట్టాలి.