హై కంటే లో ఎక్కువైతే

షేర్ చార్టులో ప్రతి క్యాండిల్‌కూ నాలుగు ధరలుంటాయి: ఓపెన్, హై, లో, క్లోజ్. తెచ్చుకున్న డేటాలో ఒక రోజు హై 408, లో 415 అని వచ్చిందనుకోండి. హై నుంచి లో తీసేస్తే మైనస్ 7. ప్రోగ్రాం ఆగదు, ఆ మైనస్‌నూ కలుపుకుని సగటు ఊగిసలాటను తగ్గించి చూపుతుంది. దాన్ని నమ్మితే స్టాప్‌లాస్ మరీ దగ్గరగా పడుతుంది. అందుకే లెక్కలకు ముందే ప్రతి వరుసనూ ఇలా పరీక్షించాలి:

```
0 < low <= min(open, close)
max(open, close) <= high
```

దాదాపు అన్ని వరుసలూ తప్పితే కాలమ్‌లు తారుమారయ్యాయేమో చూడాలి. ఒక్కటే తప్పితే మాత్రం రెండంకెలనూ అటూఇటూ మార్చి సరిపెట్టకండి. ఏది తప్పో మనకు తెలియదు. ఆ రోజు డేటా మళ్లీ తెచ్చుకోవాలి, అప్పటికీ కుదరకపోతే పక్కన పెట్టాలి. లో 405కు బదులు 402 అని పడితే ఈ పరీక్షకు చిక్కదు. దానికి మరో చోటి ధరలతో పోల్చి చూడాల్సిందే.