బొమ్మకంటే ముందు పుట్టిన బాణీ

పాటలు బాగున్నాయని సినిమాకి వెళ్తాం. పాటల మధ్య రెండు గంటలూ వినిపించే సంగీతం మాత్రం డప్పుల మోతై తల వాచిపోతుంది. కథకంటే శబ్దం కోసం సినిమా చూసేవాళ్లందరికీ ఇది ఎదురయ్యేదే. పాటలు కట్టడం ఒక పని, సన్నివేశం వెనక వాయించడం ఇంకో పని. 2021 సినిమాలకు ఇచ్చిన జాతీయ అవార్డుల్లో పాటలకు ‘పుష్ప’ దేవిశ్రీ ప్రసాద్‌కీ, నేపథ్య సంగీతానికి ‘ఆర్‌ఆర్‌ఆర్’ కీరవాణికీ వేర్వేరుగా ఇచ్చారు. కాబట్టి పాటలు విని సినిమా ఎంచుకుంటే, ఆ సినిమాలో సగం సంగీతాన్ని వినకుండానే ఎంచుకున్నట్టు.

ఇంతకీ ఈ రెండూ తయారయ్యే వరసే వేరు. మన దగ్గర పాట ముందే రికార్డవుతుంది. సెట్లో ఆ పాట వేసి, దానికి తగ్గట్టు నటుల్ని నడిపిస్తారు, కెమెరాని కదుపుతారు. రీరికార్డింగ్ మాత్రం చివర్లో వస్తుంది. ఎడిటింగ్ అయిపోయి, విడుదల తేదీ తరుముతుండగా, అప్పటికే కోసి పెట్టిన సన్నివేశాల్లో సంగీతాన్ని సర్దాలి. సన్నివేశం నలభై సెకన్లుంటే రాగం కూడా నలభై సెకన్లకే ముగియాలి. దానికి ఊపిరి తీసుకునే చోటు దొరకదు.

సన్నివేశాలను కూడా పాటల్లాగే తీస్తే ఎలా ఉంటుందో 1968లో సెర్జియో లియోనీ చూపించాడు. ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’కి ఎన్నియో మోరికోనె ముఖ్యమైన బాణీలన్నీ షూటింగ్‌కి ముందే కట్టాడు. లియోనీ వాటిని సెట్లో వినిపిస్తూ తీశాడు.

జిల్ అనే ఆవిడ రైలు దిగే సన్నివేశం చూడండి. తీసుకెళ్లడానికి వస్తారనుకున్నవాళ్లు రాలేదు. ప్లాట్‌ఫారం ఖాళీ అవుతుంది. ఆమె స్టేషన్ గదిలోకి వెళ్లి ఏదో అడుగుతుంది. కెమెరా బయటే ఆగి కిటికీలోంచి చూస్తుంది, మాటలు మనకు అవసరం లేదు. ఆమె అవతలి గుమ్మంలోంచి బయటికి నడుస్తుంటే కెమెరా గోడ వెంట పైకి లేచి కప్పు దాటుతుంది. అటువైపు ఊరంతా తెరుచుకుంటుంది. సరిగ్గా అప్పుడే ఎడ్డా డెల్లోర్సో గొంతు వెనక వాద్యబృందం ఉప్పొంగుతుంది. ఆ గొంతులో సాహిత్యం లేదు, ఉన్నది ఆలాపనే. ఇక్కడ క్రేన్ రాగాన్ని అనుసరించింది. రాగం చేత క్రేన్‌ని అనుసరింపజేసి ఉంటే ఇంత నిండుతనం వచ్చేది కాదని నా నమ్మకం.

ఇదే సినిమా మొదట్లో పది నిమిషాలకు పైగా సంగీతమే ఉండదు. ముగ్గురు తుపాకీ మనుషులు రైలు కోసం ఎదురుచూస్తుంటారు. గాలిమర కిర్రుమంటుంది, ఒకడి టోపీ మీద నీటి చుక్కలు పడుతుంటాయి, ఇంకొకడి ముఖం మీద ఈగ ముసురుతుంది. రైలు వచ్చి వెళ్లిపోయాక, ఎవరూ దిగలేదని వాళ్లు వెనుదిరిగినప్పుడు, వీపు వెనక మౌతార్గాన్ మోగుతుంది. లియోనీ చెవిని అంతసేపు ఆకలిగా ఉంచాడు కాబట్టే ఆ మూడు నాలుగు స్వరాలకు ఒళ్లు జలదరిస్తుంది. దాన్ని వాయించే మనిషి మాట్లాడాల్సిన చోట కూడా మౌతార్గానే ఊదుతాడు. ఎందుకో చివర్లో తెలుస్తుంది. ఆ జవాబు చెవి కోసం వచ్చినవాళ్లకే ఎక్కువ రుచిస్తుంది కాబట్టి ఇక్కడ చెప్పను.

ఏ సినిమానైనా ఎంచుకునే ముందు ట్రైలర్ వినొద్దు, అందులో సంగీతం చాలాసార్లు వేరేవాళ్లు చేసింది ఉంటుంది. సినిమాలోనే మాటల్లేని సన్నివేశం ఒకటి వెతికి అయిదు నిమిషాలు వినండి. సంగీతం ఎక్కడైనా పూర్తిగా ఆగుతోందా? వాక్యం ముగిశాక ఆగుతోందా, ఎడిటర్ కత్తెర పడ్డచోట తెగిపోతోందా? ముఖంలో కనిపిస్తున్న ఏడుపునే వయొలిన్ మళ్లీ చెబుతోందా, ముఖం దాచిన సంగతేదైనా చెబుతోందా? వీటికి జవాబు దొరికితే ఆ సినిమాకి మూడు గంటలు ఇవ్వొచ్చో లేదో తేలిపోతుంది.

మంచి సినిమా దొరికినా చెడ్డ కాపీ దాన్ని పాడు చేయగలదు. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. కొన్ని పాత డీవీడీలు, టీవీ కాపీలు దాన్ని 25కి పెంచుతాయి. అప్పుడు రెండు గంటల 45 నిమిషాల లియోనీ సినిమా ఏడు నిమిషాలకు దగ్గరగా కురచవుతుంది. సవరించకుండా వదిలేస్తే శ్రుతి కూడా అరస్వరానికి కాస్త తక్కువగా పైకి జరుగుతుంది. మామూలు ప్రేక్షకుడికి తెలియదు గానీ, ఆల్బమ్ విన్న చెవి వెంటనే పట్టేస్తుంది: మౌతార్గాన్ సన్నబడి, ఎడ్డా గొంతులో బరువు తగ్గిపోయి ఉంటుంది. కాపీ నిడివి చూసుకోండి. 158 నిమిషాల దగ్గర ఆగితే, శ్రుతి ఆల్బమ్‌తో కలుస్తోందో లేదో విన్నాకే ముందుకెళ్లండి.