మూడో పూస ఎక్కడిది?

"అడ్రినలిన్ వచ్చి రిసెప్టర్‌కు అంటుకుని, రిసెప్టర్ ఆకారం మారి, జీ ప్రొటీన్‌లో జీడీపీ పోయి జీటీపీ వచ్చి, ఆల్ఫా ముక్క విడిపోయి వెళ్లి అడినైలిల్ సైక్లేజ్‌ను పనిలోకి దించుతుంది."

డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెప్పే ఒక మేడమ్ క్లాసు రికార్డింగు విని నేను రాసుకున్న వాక్యమిది. దీన్ని కదిలే స్లైడ్లుగా గీసిపెట్టమని ఆవిడ అడిగారు. ఆవిడ ఒక్క గుక్కలో చెప్పేసిన ఈ వాక్యమే నాకు రెండు రోజుల పని పెట్టింది.

సంగతి మామూలుగా చెప్పుకుంటే ఇంతే. కుక్క తరిమితే ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుంది. అది రక్తంలో కొట్టుకుపోయి కాలేయ కణాన్ని చేరుతుంది. కణం లోపల గ్లైకోజెన్‌గా దాచిపెట్టిన చక్కెర కరిగి రక్తంలోకి వస్తుంది, కాళ్లకు పరుగెత్తే శక్తి అందుతుంది. తమాషా ఏమిటంటే అడ్రినలిన్ కణంలోకి అడుగే పెట్టదు. గుమ్మం బయటే ఉండి తలుపు తట్టే చుట్టం అది. ఆ చప్పుడు లోపలి గదిదాకా చేతులు మారుతూ ఎలా పోతుందన్నదే పాఠం.

నేను మొదట చేసే పని క్రియల కింద గీతలు పెట్టడం. తెలుగులో దీనికో సౌకర్యం ఉంది, అందులోనే ఓ చిక్కూ ఉంది. వచ్చి, అంటుకుని, మారి, పోయి, విడిపోయి అని అసమాపక క్రియలను ఎన్నయినా గుచ్చుకుంటూ పోవచ్చు. చెవికి హాయిగా ఉంటుంది. కానీ ప్రతి 'ఇ' వెనకా ఒక సంఘటన దాక్కుని ఉంటుంది. ఒక్కోదానికి ఒక్కో బొమ్మ అనుకుంటే పై వాక్యం ఏడు బొమ్మలైంది. ఏమీ జరగకముందు అందరూ ఎక్కడెక్కడ ఉన్నారో చూపే బొమ్మ ఇంకొకటి కావాలి. దాన్ని ఎగరగొట్టేవాళ్లే ఎక్కువ. సద్దుమణిగి ఉన్న కణాన్ని చూడకపోతే అందులో ఏం మారిందో పిల్లలకు ఎలా తెలుస్తుంది?

ఆ మొదటి బొమ్మలో కణ త్వచం అడ్డంగా ఒక పట్టీలా ఉంటుంది. దాంట్లో ఏడుసార్లు అటూ ఇటూ కుట్టిన దారంలా రిసెప్టర్. పట్టీ లోపలి అంచుకు ఆనుకుని మూడు ముక్కల జీ ప్రొటీన్: ఆల్ఫా, బీటా, గామా. కాస్త దూరంలో ఊరికే కూర్చున్న సైక్లేజ్. ఆల్ఫాకు ఒక జేబు ఉంటుంది, ఆ జేబులో జీడీపీ. పేపర్లలో చదివే దేశ ఆదాయం కాదులెండి, గ్వానోసిన్ అనే అణువుకు రెండు ఫాస్ఫేట్ పూసలు గుచ్చినట్టుండే పదార్థం. మూడు పూసలుంటే అది జీటీపీ.

నేను బోల్తా పడింది ఇక్కడే. పవర్‌పాయింట్‌లో `Morph` అనే ట్రాన్సిషన్ ఉంది. స్లైడును `Duplicate Slide`తో నకలు తీసి, రెండోదాంట్లో వస్తువును జరిపితే చాలు, మధ్య కదలికను అదే పూరిస్తుంది. `Selection Pane`లో రెండు స్లైడ్లలోనూ ఒకే పేరు, ముందు రెండు ఆశ్చర్యార్థకాలతో, `!!alpha` అన్నట్టు పెడితే దేన్ని దేనితో జత కట్టాలో దానికి తెలుస్తుంది. నేను జీడీపీకీ జీటీపీకీ కూడా ఒకే పేరు పెట్టేశాను. తెరమీద రెండు పూసల అణువు అందంగా సాగి మూడు పూసలదైంది.

మేడమ్ ఆ స్లైడ్లు చూపించాక ఒక కుర్రాణ్ని అడిగారట, "ఆ మూడో పూస ఎక్కణ్నుంచి వచ్చింది?" అని. "ఏటీపీ ఇచ్చింది మేడమ్" అన్నాడట. వాడి తప్పేం లేదు, నా బొమ్మ చెప్పిందే చెప్పాడు. నిజానికి అక్కడ ఎవరూ ఎవరికీ పూస ఇవ్వరు. రిసెప్టర్ ఒత్తిడికి జేబు వదులై జీడీపీ మొత్తంగా జారిపోతుంది. కణంలో జీడీపీ కన్నా జీటీపీ ఎక్కువగా తిరుగుతుంటుంది కాబట్టి ఖాళీ జేబులోకి అది వచ్చి కూర్చుంటుంది. పాత నోటుకు సున్నా చేర్చడం కాదు, పాతది తీసేసి కొత్త నోటు పెట్టడం.

అందుకని ఆ ఒక్క చోట మూడు బొమ్మలు వేశాను. జేబులో జీడీపీ, తర్వాత ఖాళీ జేబు, ఆ తర్వాత జీటీపీ. రెండు అణువులకూ వేర్వేరు పేర్లు పెట్టాను. ఖాళీ జేబు స్లైడు మీద మేడమ్ రెండు క్షణాలు ఆగుతారు. వరస మొత్తంలో అన్నిటికన్నా విలువైన బొమ్మ అదేనని నా నమ్మకం.

తర్వాతి తగాదా బాణాలతో. పాఠ్యపుస్తకంలో ఒకే నల్ల బాణం మూడు పనులు చేస్తుంది. ఆల్ఫా త్వచం వెంబడి జారిందనడానికీ బాణమే, ఏటీపీ సైక్లిక్ ఏఎంపీగా మారిందనడానికీ బాణమే, ఆల్ఫా సైక్లేజ్‌ను లేపిందనడానికీ బాణమే. దాంతో ఆల్ఫాయే సైక్లేజ్‌గా మారిపోయిందనుకునే పిల్లలుంటారు. కదిలే స్లైడులో మొదటిదానికి బాణమే అక్కర్లేదు, వస్తువే కదులుతుంది. రూపం మారేదానికి నిండు బాణం ఉంచాను. పని చేయించడానికి బాణం తీసేసి, ఆల్ఫా తాకగానే సైక్లేజ్ బూడిద రంగు నుంచి నారింజకు మారేలా చేశాను.

ఆ సైక్లేజ్ ముందు నిలబడే ఏటీపీ బొమ్మ దగ్గర తెలుగువాడిగా నేనొక్క క్షణం ఆగాను. 1929లో ఫిస్కేతో కలిసి కండరంలో దాన్ని కనిపెట్టినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుగొన్నారు. సైక్లేజ్ ఆ ఏటీపీ నుంచి రెండు పూసలు తుంచేసి మిగిలిన ఒక్కదాన్ని మెలితిప్పి కట్టేస్తుంది. అదే సైక్లిక్ ఏఎంపీ.

ఇక్కణ్నుంచి వరస తేలిక. ఒక్క సంగతి మాత్రం చూసుకోవాలి: ఏ మెట్టు దగ్గర ఒకటి పదవుతుందో అక్కడే బొమ్మలు పెంచాలి. ఒక ఆల్ఫా లేపేది ఒక సైక్లేజ్‌నే, అక్కడ పెరుగుదల లేదు. ఆ సైక్లేజ్ మాత్రం సైక్లిక్ ఏఎంపీలను వరసగా చేసిపోస్తూనే ఉంటుంది. మళ్లీ ప్రొటీన్ కైనేజ్ ఏ దగ్గర లెక్క తిరగబడుతుంది, దాన్ని పూర్తిగా విడిపించడానికి నాలుగు సైక్లిక్ ఏఎంపీలు కావాలి. చూడ్డానికి బాగుంటుందని అన్నిచోట్లా చుక్కలు చల్లితే ఈ తేడా కొట్టుకుపోతుంది. విడిపోయిన కైనేజ్ ఇంకో ఎంజైముకు, అది ఫాస్ఫోరిలేజ్‌కు పూసలు తగిలిస్తాయి. ఇవి మాత్రం నిజంగా ఏటీపీ ఇచ్చిన పూసలే. ఫాస్ఫోరిలేజ్ గ్లైకోజెన్‌ను కొసనుంచి తెంపుతూ వస్తుంది.

క్లాసు అక్కడితో అయిపోయింది కానీ నేను ఇంకో బొమ్మ అడిగి మరీ చేర్చాను. తట్టిన తలుపు మూసుకోవాలి కదా. ఆల్ఫా తన జేబులోని జీటీపీ చివరి పూసను తనే కొరికేస్తుంది. ఈసారి మార్పిడి కాదు, నిజంగానే మూడు పూసలు జేబులో ఉండగానే రెండవుతాయి. వెలిగేటప్పుడు ఒక దారి, ఆరేటప్పుడు ఇంకో దారి అన్నమాట. ఆల్ఫా పాత చోటికి జారిపోయి బీటా, గామాలతో కలుస్తుంది, సైక్లేజ్ మళ్లీ బూడిద రంగుకొస్తుంది.

పోయిన నెల మేడమ్ ఫోన్ చేసి కలరా పాఠానికి కొత్త స్లైడ్లు కావాలన్నారు. కలరా విషం పేగు కణాల్లో పట్టుకునేది ఇదే ఆల్ఫాను. దానికో ముక్క అతికించి, పూస కొరకకుండా చేస్తుంది. సైక్లేజ్ ఆగదు, సైక్లిక్ ఏఎంపీ పేరుకుపోతుంది, లవణాలూ వాటి వెంట నీళ్లూ పేగులోకి లీటర్ల కొద్దీ కారిపోతాయి. కాలేయాన్ని తీసేసి పేగును పెట్టాను, విషం వచ్చి ఆల్ఫాకు ముక్క అతికించే బొమ్మ ఒకటి గీశాను. ఆ పూస కొరికే స్లైడును మాత్రం తీసేశాను. క్లాసులో ఆవిడ నారింజ రంగు సైక్లేజ్ మీదే స్లైడు ఆపి, "తర్వాత ఏం రావాలి?" అని అడుగుతున్నారట.