తిమింగలం నడిచిన రోజులు

పాకిస్తాన్‌లోని ఎర్రమట్టి రాళ్లలో దొరికిన ఒక పుర్రె భాగాన్ని 1981లో ఫిలిప్ జింజరిచ్, డొనాల్డ్ రసెల్ అనే శాస్త్రవేత్తలు లోకానికి పరిచయం చేశారు. వయసు సుమారు 5 కోట్ల ఏళ్లు. ఆ రాళ్లు సముద్రంలో పేరుకున్నవి కావు, ఏటి ఒండ్రుతో ఏర్పడినవి. చుట్టూ దొరికినవి ఎక్కువగా నేలమీది జంతువుల ఎముకలే. అయినా వాళ్లు దానికి పాకిసిటస్ అని పేరు పెట్టి, ఇది తిమింగలమేనన్నారు.

అంత ధైర్యంగా చెప్పడానికి ఆధారం చెవి. పాలిచ్చే జంతువుల మధ్యచెవి కింద చిన్న గిన్నెలాంటి ఎముక ఉంటుంది. మామూలుగా దాని గోడ అంతా పలచగానే ఉంటుంది. తిమింగలాలు, డాల్ఫిన్లలో మాత్రం లోపలివైపు అంచు బాగా మందంగా, బరువుగా ఉంటుంది. పాకిసిటస్ చెవి ఎముక సరిగ్గా అలాగే ఉంది.

కానీ పుర్రె ఒక్కటే చేతిలో ఉంటే మిగతా ఒళ్లంతా ఊహే. అప్పటి చిత్రకారులు పాకిసిటస్‌ను నీళ్లలో ఈదే సీల్‌లాంటి జంతువుగా గీశారు. 2001లో హాన్స్ థెవిస్సెన్ బృందం మిగతా ఎముకలను ప్రకటించేసరికి ఆ బొమ్మ చెల్లకుండా పోయింది. ఎముకలు చూపించింది తోడేలంత జంతువును. సన్నని పొడుగాటి కాళ్లు, నేలమీద నడిచే పాదాలు. ఎముకల గోడలు మాత్రం దళసరిగా ఉన్నాయి. తేలిపోకుండా ఏటి అడుగున నడవాలంటే ఆ బరువు పనికొస్తుంది.

అంతకు ఏడేళ్ల ముందే, 1994లో, థెవిస్సెన్ మరో జంతువును ప్రకటించారు. పాకిస్తాన్ పంజాబ్‌లోని కాలాచిట్టా కొండల్లో దొరికిన దాన్ని ఆంబులోసిటస్ అన్నారు, నడిచే తిమింగలమని అర్థం. దాదాపు మూడు మీటర్ల పొడవు, మొసలిలాంటి పొడుగు మూతి, పొట్టి కాళ్లు, వెనక పెద్ద పెద్ద పాదాలు. నీటికుక్క ఈదేటప్పుడు వెన్ను కిందికీ మీదికీ ఊగుతుంది చూడండి, ఇదీ అలాగే ఈది ఉండాలి. నేటి తిమింగలం తోక చేప తోకలా పక్కలకు కాకుండా పైకీ కిందికీ కొట్టుకోవడానికి మూలం ఇక్కడే ఉంది. నేలమీద పరుగెత్తే పాలిచ్చే జంతువుల వెన్ను వంగే తీరే నీళ్లలోనూ కొనసాగింది.

మరి ఇవి ఏ జంతువుల వంశం? చాలాకాలం దీనికి జవాబు పళ్లను బట్టే చెప్పారు. మెసోనికిడ్లు అనే గతించిన మాంసాహారుల పళ్లు తొలి తిమింగలాల పళ్లను పోలి ఉన్నాయి కాబట్టి అవే పూర్వీకులనుకున్నారు. 1990లలో డీఎన్ఏ పరీక్షలు చేసినవాళ్లు కాదన్నారు. తిమింగలానికి బతికున్న వాటిలో దగ్గరి చుట్టం నీటిగుర్రమని వాళ్ల లెక్క. ఎముకలు చూసేవాళ్లు దీన్ని సులభంగా ఒప్పుకోలేదు.

తగవు తీర్చింది చీలమండ. మేక వెనక కాలి చీలమండలోని ఎముకను చేతిలోకి తీసుకుని చూస్తే పైన ఒకటి, కింద ఒకటి, రెండు బావి గిలకలు అతికించినట్టు ఉంటుంది. ఆవు, జింక, పంది, ఒంటె, నీటిగుర్రం, అంటే సరిసంఖ్య గిట్టల జంతువులన్నిటికీ ఇదే తీరు. గుర్రానికీ కుక్కకీ పైన మాత్రమే గిలక ఉంటుంది. 2001లో జింజరిచ్ బృందం బలూచిస్తాన్ నుంచి తెచ్చిన రోడోసిటస్, ఆర్టియోసిటస్ అనే తొలి తిమింగలాల చీలమండల్లో రెండు గిలకలూ ఉన్నాయి. పాకిసిటస్ చీలమండా అదే చెప్పింది. మెసోనికిడ్ల వాదం అక్కడితో వెనకబడింది. పళ్ల పోలిక తిండి వల్ల వచ్చిందే గాని చుట్టరికం వల్ల కాదు.

తర్వాతి ఆధారం మన దేశంలో, జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్‌లో ఉంది. భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు అక్కడి రాళ్లను సేకరించి, 1971లో ఇండోహయస్ అనే చిన్న గిట్టల జంతువుకు పేరు పెట్టారు. ఆయన దాచిన రాళ్లలో చాలావాటిని విప్పి చూడనేలేదు. ఆయన పోయాక, ఆయన భార్య వాటిని థెవిస్సెన్‌కు అప్పగించారు. ల్యాబులో శుభ్రం చేస్తుండగా ఒక పుర్రె చెవి భాగం పొరపాటున విరిగింది. విరిగినచోట కనబడింది, తిమింగలాలకే ఉంటుందనుకున్న ఆ మందపాటి అంచు! రూర్కీ ఐఐటీకి చెందిన సునీల్ బాజ్‌పాయ్ కూడా ఉన్న బృందం 2007లో దీన్ని ప్రకటించింది.

పిల్లికంటే కాస్త పెద్దదైన ఇండోహయస్ కాళ్ల ఎముకలు కూడా దళసరివే. పళ్లలోని ఆక్సిజన్ రకాలను కొలిస్తే, ఎక్కువసేపు నీళ్లలో గడిపిందని తేలింది. ఆఫ్రికాలోని నీటి మూషిక జింక ప్రమాదం వస్తే ఏట్లోకి దూకి మునిగి దాక్కుంటుంది. ఇండోహయస్ బతుకూ అలాంటిదే అయ్యుండొచ్చని ఆ బృందం భావించింది. అలాగని ఇది తిమింగలాల తాత కాదు. పాకిసిటస్ కంటే దీని రాళ్లు పాతవి కావు గనుక, పెదనాన్న పిల్లల వరస అనుకోవాలి. ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకుడి ఎముకలు ఇంకా పాత రాళ్లలో వెతకాల్సిందే.