ఫొటోలో నకిలీ మద్యం సీసాను పట్టుకోవడమెలా?

2025 అక్టోబరులో రాయలసీమలోని ములకలచెరువులో ఎక్సైజ్ అధికారులు నకిలీ మద్యం తయారీ కేంద్రాన్ని పట్టుకున్నారు. అక్కడ స్పిరిట్‌తో పాటు ఖాళీ సీసాలు, మూతలు, లేబుళ్లు కూడా దొరికాయి. ఈ దందాలో సీసా చాలాసార్లు అసలుదే. తాగి పారేసిన దాన్ని కడిగి, మళ్లీ నింపి, కొత్త మూత బిగిస్తారు. అందుకే ఫొటోలో ముందు చూడాల్సింది మూత.

అల్యూమినియం మూత అడుగున సన్నని అతుకులతో ఒక రింగు ఉంటుంది. మూత తిప్పగానే ఆ అతుకులు తెగిపోతాయి. ఫ్యాక్టరీలో రోలర్లు మూతను సీసా మరల మీదికి నొక్కుతాయి కాబట్టి గాడులు చుట్టూ ఒకే లోతున పడతాయి. నాసిరకం పరికరాలతో బిగిస్తే గాడులు ఒకచోట లోతుగా, మరోచోట పైపైన ఉంటాయి. రింగు వదులుగా వేలాడవచ్చు. మూత మీది ఎక్సైజ్ హోలోగ్రామ్ చిరిగినా, ముడతపడినా, రెండు ముక్కలుగా అతికించినట్టు కనిపించినా అనుమానించాలి.

తర్వాత లేబుల్. అది ఒరిగిందో లేదో తేల్చాలంటే ఫొటో సరిగ్గా ఉండాలి. సీసాను సమతలంగా నిలబెట్టి, కెమెరాను లేబుల్ ఎత్తులో పెట్టి, కాస్త దూరం నుంచి జూమ్ చేసి తీయాలి. దగ్గర నుంచో, పై నుంచో తీస్తే తిన్నని లేబుల్ కూడా వంకరగా కనిపిస్తుంది. అదే బ్రాండు, అదే సైజు అసలు సీసాను పక్కన పెట్టి తీస్తే తేడా తెలిసిపోతుంది.

ఇక అడుగు. అక్కడి అంకెల్లో అచ్చు నంబరు ఒకటి. ఒకే బ్రాండుకు ఎన్నో అచ్చులు వాడతారు కాబట్టి నంబరు వేరైనంత మాత్రాన నకిలీ కాదు. నేలకు ఆనే అంచు మీద తెల్లటి అరుగుడు ఉందేమో చూడాలి. అది సీసా చాలాకాలం తిరిగిందనడానికి గుర్తు.

ఒక 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసా ఫొటోలు చూస్తున్నామనుకుందాం. లేబుల్ కుడివైపు కొద్దిగా కిందికి దిగింది. యంత్రం కూడా అప్పుడప్పుడు అలా తప్పుతుంది. అడుగు అరిగింది, లేబుల్ మీద తయారీ తేదీ మాత్రం నెల కిందటిదే. కొన్ని చౌక బ్రాండ్ల కంపెనీలు పాత సీసాలనే కడిగి వాడతాయి కాబట్టి ఇదీ రుజువు కాదు. అయితే మూత గాడులు కూడా ఎగుడుదిగుడుగా ఉండి, హోలోగ్రామ్‌లో అతుకు కనిపిస్తే ఆ సీసాను ముట్టుకోకూడదు.

ఫొటోలో అన్నీ సవ్యంగా కనిపించినా లోపలి ద్రవం సంగతి తెలియదు. ప్రాణం తీసే మిథనాల్‌ను రంగు, వాసనలతో గుర్తుపట్టలేం. ఆంధ్రప్రదేశ్‌లో కొనేవారు సీసా మీది కోడ్‌ను ఎక్సైజ్ సురక్ష యాప్‌లో స్కాన్ చేసి చూసుకోవచ్చు. అనుమానం వస్తే సీసా తెరవకుండా, మూత, లేబుల్, అడుగు ఫొటోలతో ఎక్సైజ్ స్టేషన్‌లో అప్పగించండి.