హాన్లేలో ఎరుపు, డాలస్‌లో గులాబీ, భవానీపురంలో భయం

2024 మే 11, శనివారం. పోలింగ్‌కి ఇంకా రెండు రోజులుంది. డాలస్‌లో ఉంటున్న మా పక్కింటి అబ్బాయి పొద్దున్నే తన పెరట్లోంచి తీసిన ఫొటో పంపాడు. ఆకాశమంతా గులాబీ రంగు. లద్దాఖ్‌లోని హాన్లే దగ్గర కనిపించిన ఎర్రటి కాంతి కూడా అప్పటికే వార్తల్లోకి ఎక్కింది. సాయంత్రానికల్లా ఎవరో ఈ రెండు ఫొటోల కింద ఓ పాత సందేశం అతికించారు. "ఈ రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా విశ్వకిరణాలు భూమికి దగ్గరగా వస్తాయి, ఫోన్లు ఆపేసి ఒంటికి దూరంగా పెట్టండి, నాసా చెప్పింది." ఏళ్ల తరబడి తేదీ కూడా లేకుండా తిరుగుతున్న సందేశమే ఇది. దానికి ఈసారి రంగు ఫొటోలు సాక్ష్యంగా దొరికాయి.

ఇక్కడ విజయవాడ భవానీపురంలో, మా పక్కింట్లో ఆ అబ్బాయి అమ్మానాన్నలు ఇద్దరే ఉంటారు. రెండు ఫోన్లూ ఆపేసి వంటింటి అటక మీద పెట్టారు. రాత్రి రెండు గంటలకి బాబాయిగారికి గుండెల్లో నొప్పి వచ్చింది. పిన్నిగారు చీకట్లో స్టూలు వేసుకుని ఫోన్ వెతికి తీశారు. అది వెంటనే ఆన్ కాకపోయేసరికి వచ్చి మా తలుపు కొట్టారు. 108కి నేను ఫోన్ చేశాను. ఆయన దక్కారు. ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి మాట, "నొప్పి మొదలై ఎంతసేపైంది?" ఆ పావుగంట ఎటు పోయిందో మాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఆకాశం ఎర్రబడిందంటే ప్రమాదకర కిరణాలు కిందికి దిగినట్టే

జరిగింది దీనికి సరిగ్గా ఎదురు. సూర్యుడి నుంచి వచ్చిన విసురుకి భూమి అయస్కాంత క్షేత్రం అతలాకుతలమైనప్పుడు, అందులో చిక్కుకుని ఉన్న ఎలక్ట్రాన్లు వేగం పుంజుకుని పై గాలిలోకి దూసుకొస్తాయి. అక్కడి ఆక్సిజన్, నైట్రోజన్‌లను ఢీకొట్టి తమ శక్తిని వాటికి ఇచ్చేస్తాయి. ఆ శక్తినే గాలి వెలుగుగా విడిచిపెడుతుంది. దాన్నే ధ్రువకాంతి, అరోరా అంటున్నాం. అంటే వెలుగు కనిపించిందంటే, ఆ ఎలక్ట్రాన్లు అక్కడే ఆగిపోయాయని అర్థం. చాలా వరకు నేలకి 100 కిలోమీటర్ల పైనే వాటి పని అయిపోతుంది.

మరి ఎరుపెందుకు? ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఆక్సిజన్ ఇచ్చే రంగులే. శక్తి అందిన ఆక్సిజన్ పరమాణువు ఆకుపచ్చ వెలుగు విడవడానికి సుమారు ముప్పావు సెకను చాలు. ఎరుపు విడవాలంటే దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. ఈలోగా పక్క అణువు వచ్చి తగిలితే ఆ శక్తి దానికి పోతుంది, వెలుగు రాదు. మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి క్యూలో రెండు నిమిషాలు ఎవరూ తగలకుండా నిలబడటం ఎవరి తరం? 100, 150 కిలోమీటర్ల ఎత్తులో గాలి పరిస్థితి ఎరుపుకి అలాంటిదే. అందుకే అక్కడ ఆకుపచ్చ గెలుస్తుంది. 200 కిలోమీటర్లు దాటాక గాలి బాగా పలచబడి, ఆ రెండు నిమిషాల తీరిక దొరుకుతుంది. అప్పుడు ఎరుపు పుడుతుంది. కాబట్టి ఎరుపు చాలా ఎత్తుకి గుర్తు, మనకి చాలా దూరానికి గుర్తు. నైట్రోజన్ ఇచ్చే నీలం, ఊదా ఆ ఎరుపులో కలిస్తే డాలస్‌లో చూసిన గులాబీ.

ఇక ఫోన్ సంగతి. నార్వేలోని ట్రోమ్సో ఊరివాళ్లు చలికాలమంతా ఈ వెలుగు కిందే బతుకుతారు. దాన్ని ఫొటో తీసేది చేతిలోని ఫోన్‌తోనే. సరిగ్గా దాని కింద నిలబడ్డవాళ్లకి లేని హాని, వేల కిలోమీటర్ల అవతల అటక మీద పెట్టిన ఫోన్‌కి ఎక్కడి నుంచి వస్తుంది?

అపోహ: డాలస్‌లో కనిపిస్తే మన దాకా వచ్చినట్టే

డాలస్, హాన్లే రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, 32.8 డిగ్రీల ఉత్తరం. అయినా డాలస్‌లో ఆకాశం నిండింది, హాన్లేలో ఉత్తరపు అంచున మాత్రమే మెరిసింది. ఎందుకంటే ఇక్కడ పనిచేసేది మ్యాపులో ఉండే అక్షాంశం కాదు, అయస్కాంత అక్షాంశం. భూమి అయస్కాంత అక్షం ఉత్తర కెనడా వైపు ఒరిగి ఉంది. ఆ లెక్కన డాలస్ 41 డిగ్రీల దగ్గర ఉంటే, హాన్లే 24 డిగ్రీల దగ్గరే ఉంది. మన విజయవాడ 8 డిగ్రీలు.

ఎలక్ట్రాన్లు బలరేఖల వెంట జారతాయి గానీ వాటిని అడ్డంగా దాటలేవు. ధ్రువాల దగ్గర ఆ రేఖలు దాదాపు నిట్టనిలువుగా నేలలోకి దిగుతాయి, కాబట్టి కణాలకి దారి ఉంది. మన దగ్గర అవి దాదాపు నేలకి సమాంతరంగా పోతాయి, కాబట్టి దారి లేదు. మామూలు రోజుల్లో ఈ వెలుగు అయస్కాంత ధ్రువం చుట్టూ 65, 70 డిగ్రీల దగ్గర ఒక వలయంలా ఉంటుంది. సూర్యుడి విసురుకి రేగే అయస్కాంత తుపాను ముదిరితే ఆ వలయం దక్షిణానికి సాగుతుంది.

హాన్లే వరకూ లెక్క వేసి చూద్దాం. 300 కిలోమీటర్ల ఎత్తున ఉన్న వెలుగు, భూమి గుండ్రంగా ఉండటం వల్ల సుమారు 1,950 కిలోమీటర్ల దూరం దాకా దిగంతం మీద కనిపిస్తుంది. 100 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఆకుపచ్చ అయితే 1,130 కిలోమీటర్ల దాకానే. అంటే హాన్లేవాళ్లు అంచున చూసిన ఎరుపు, 50వ అక్షాంశం దరిదాపుల్లో, కజకిస్తాన్ వైపు ఉన్న వెలుగు పైభాగమై ఉండాలి. దాని కిందున్న ఆకుపచ్చ భూమి వంపు చాటున ఉండిపోయింది. అదే లెక్కన మన దిగంతం మీద ఎరుపు కనబడాలంటే లద్దాఖ్ నడినెత్తిన వెలగాలి. ఆ రాత్రి అక్కడ అలా వెలగలేదు.

చిన్నాచితకా అపోహలు

ధ్రువాల మంచు మీద ఎండ పడి మెరుస్తుందట. వెలుగు పుట్టేది నూరు కిలోమీటర్ల పైన, పైగా రాత్రిపూట, మంచుకి ఏ సంబంధమూ లేదు. ఇంద్రధనుస్సు లాంటిదట. అది నీటిబొట్టులో విడిపోయిన ఎండ, ఇది గాలి తానుగా ఇచ్చే వెలుగు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి

"మన వైపు ఎప్పటికీ కనిపించదు" అని నేనే చాలామందికి చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకోవాలి. 1872 ఫిబ్రవరి 4 రాత్రి వచ్చిన మహా తుపానులో బొంబాయిలోనే ఈ కాంతి కనిపించినట్టు నమోదైంది. బొంబాయి అయస్కాంత అక్షాంశం మనకన్నా రెండు మూడు డిగ్రీలే ఎక్కువ. అలాంటి తుపాను మళ్లీ వస్తే జీపీఎస్ తప్పులు చెప్పవచ్చు, కరెంటు గ్రిడ్లు కుప్పకూలవచ్చు. 1989 మార్చిలో కెనడాలోని క్యూబెక్ తొమ్మిది గంటలు చీకట్లో ఉంది. దెబ్బ తగిలేది తీగలకి, ఉపగ్రహాలకి. మంచం పక్కనున్న ఫోన్‌కి కాదు.

కాబట్టి ఈసారి ఫొటో వస్తే మూడు సంగతులు చూడండి. రంగు, ఎత్తు, దిక్కు. మన ఊరి మీద వెలిగిందంటూ ఆకుపచ్చ తెరలు చూపిస్తే అబద్ధం. ఇక్కడ కనిపిస్తే గిస్తే ఎరుపే, అదీ ఆకాశం అంచునే. పున్నమి ఘాట్‌లో కృష్ణ మీద వెలిగినట్టు చూపిస్తే అదీ అబద్ధమే. నది మనకి దక్షిణాన ఉంది, ఆ వెలుగు రావలసింది ఉత్తరం నుంచి. నిజంగా చూడాలనుంటే సెప్టెంబరు, మార్చి మధ్య ట్రోమ్సో వైపు వెళ్లండి. కంటికి తెల్లటి మబ్బులా అనిపించినా కెమెరాని కదలకుండా పెట్టి పది సెకన్లు తెరిచి ఉంచండి, రంగు పడుతుంది.

ఫోన్ మాత్రం రాత్రి ఆన్‌లో ఉంచి, చేతికందేలా పెట్టుకోండి. పిన్నిగారి ఫోన్ ఇప్పుడు తలగడ పక్కనే ఉంటోంది.